డెన్వర్‌లో కొన్న గమ్మీలు, డాలస్ దారి

"సార్, మాది కూకట్‌పల్లి. నాకు 22 ఏళ్లు. జనవరిలో ఎంఎస్‌కి డాలస్ వెళ్తున్నాను. అక్కడి సీనియర్లు వాట్సాప్ గ్రూపులో సెలవులకి కారేసుకుని డెన్వర్ వెళ్దామంటున్నారు. కొలరాడోలో గంజాయి లీగలేనట, షాపులో బిల్లు ఇచ్చి మరీ అమ్ముతారట. గమ్మీలైతే వాసన కూడా రాదు, నాలుగు ప్యాకెట్లు వెంట తెచ్చుకుందాం అంటున్నారు. నాతో ఉండబోయే అబ్బాయికి 20 ఏళ్లే, వాడికి బీరు నేనే కొనిపెట్టాలట. ఇవన్నీ అక్కడ మామూలేనా? దొరికితే, కొత్తగా వచ్చాం, తెలీదు అని చెప్తే వదిలేస్తారా?" — ఎస్., కూకట్‌పల్లి

బాబూ, నీ సీనియర్లు అబద్ధం చెప్పలేదు. కొలరాడోలో 21 నిండినవాళ్లకి గంజాయి అమ్మే దుకాణాలు 2014 జనవరి 1 నుంచి తెరిచే ఉన్నాయి. పాస్‌పోర్టు చూపిస్తే నీకూ అమ్ముతారు, బిల్లూ ఇస్తారు. సగం నిజం అక్కడిదాకానే. మిగతా సగం కారు స్టార్ట్ చేశాక మొదలవుతుంది. అందుకే నీ ప్రయాణాన్నే తీసుకుని డెన్వర్ నుంచి ఇంటిదాకా వద్దాం.

డెన్వర్ వెళ్లినవాళ్లు రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు చూడకుండా రారు. ఆ పార్కు ఉన్నది కొలరాడోలోనే అయినా ఆ నేల కేంద్ర ప్రభుత్వానిది. అమెరికా కేంద్ర చట్టంలో గంజాయి ఇప్పటికీ నిషిద్ధ పదార్థమే. ఉదయం బిల్లుతో కొన్న ప్యాకెట్ మధ్యాహ్నం పార్కు గేటు దాటగానే నేరం అవుతుంది. తిరుగు ప్రయాణంలో దక్షిణానికి దిగి రటోన్ దగ్గర న్యూమెక్సికోలోకి వస్తారు. అక్కడా 21 నిండినవాళ్లకి అమ్ముతారు. కానీ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి గంజాయి తీసుకెళ్లడం, రెండు చోట్లా అమ్మకం ఉన్నా సరే, కేంద్ర చట్టం ప్రకారం నేరమే. ఆ సరిహద్దు మీద నిలబడి ఎవరూ కార్లు ఆపరు కాబట్టి ఈ సంగతి చాలామందికి తెలియకుండానే గడిచిపోతుంది.

క్లేటన్ దాటాక టెక్స్‌లైన్ అని చిన్న ఊరు వస్తుంది. అక్కడి నుంచి టెక్సస్. అమరిల్లో మీదుగా డాలస్ చేరేదాకా ఇంకా సగం రోజు ప్రయాణం ఉంటుంది, అంతా టెక్సస్ నేలే. అసలు చిక్కు ఇక్కడే.

టెక్సస్‌లో ఆకు రూపంలో గంజాయి రెండు ఔన్సుల లోపు, అంటే దాదాపు 56 గ్రాముల లోపు దొరికితే 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. అది అక్కడి లెక్కలో చిన్న నేరాల కోవలోకి వస్తుంది. గమ్మీ అలా కాదు. గంజాయి నుంచి తీసిన, మత్తునిచ్చే టీహెచ్‌సీ సారాన్ని కలిపి చేస్తారు కాబట్టి దాన్ని వేరే జాబితాలో పెట్టారు. ఆ జాబితాలో ఒక గ్రాము లోపు దొరికినా ఫెలొనీ, అంటే పెద్ద నేరమే. 4 గ్రాముల నుంచి 400 గ్రాముల లోపు అయితే 2 నుంచి 20 ఏళ్ల దాకా శిక్ష, 10,000 డాలర్ల దాకా జరిమానా.

"గమ్మీలో మత్తు ఉండేది మిల్లీగ్రాముల్లో కదా" అంటావు. నిజమే. కొలరాడో ప్యాకెట్‌లో మామూలుగా పది గమ్మీలు ఉంటాయి, ఒక్కోదానిలో 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ. ప్యాకెట్ మొత్తం కలిపినా గ్రాములో పదో వంతే. కానీ టెక్సస్ చట్టం మత్తును విడదీసి తూయదు. దాన్ని కలిపిన పదార్థంతో సహా మొత్తం బరువు లెక్కేస్తుంది. చక్కెర, జెలటిన్, రంగు అన్నీ తూకంలోకి వస్తాయి. ఒక్కో గమ్మీ 4 గ్రాములనుకో, ప్యాకెట్ 40 గ్రాములు. నాలుగు ప్యాకెట్లు 160. ఒక్క ప్యాకెట్ చాలు, 20 ఏళ్ల శిక్ష ఉన్న వరసలో నిలబెట్టడానికి. అంతే బరువున్న ఆకు జేబులో ఉంటే 180 రోజుల కేసు. చాక్లెట్‌లా కనిపించేది ఆకు కంటే తక్కువ ప్రమాదం అనుకోవడంలోనే మనవాళ్లు బోల్తా పడతారు.

ఇదేదో అమెరికా వాళ్ల విడ్డూరం అనుకోకు. మన ఎన్‌డీపీఎస్ చట్టంలోనూ ఈ తగువు నడిచింది. కలిపిన సరుకు దొరికితే అసలు మత్తుమందు బరువే చూడాలని 2008లో మన సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. 2020లో హీరా సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల బెంచ్ దాన్ని తోసిపుచ్చి, కలిపినదానితో సహా మొత్తం బరువు చూడాల్సిందేనని తేల్చింది. అయితే ఇక్కడ గంజాయి కిలో దాకా "స్వల్ప పరిమాణం". దానికి ఏడాది దాకా జైలో, 10,000 రూపాయల దాకా జరిమానానో, రెండూనో. నాంపల్లి కోర్టు వరండాల్లో "కిలో లోపే కదా సార్" అనే మాట నేను విననివారం లేదు. ఆ కిలో లెక్క బుర్రలో పెట్టుకుని విమానం ఎక్కినవాడికి 40 గ్రాములు దుమ్ములా కనిపిస్తాయి.

ఇక నీ చివరి ప్రశ్న, తెలీదంటే వదిలేస్తారా అని. టెక్సస్ శిక్షాస్మృతిలో దీనికి విడిగా ఒక సెక్షనే ఉంది, 8.03. చట్టం అమల్లోకి వచ్చాక అది నాకు తెలియదనడం వాదన కాదని అందులో రాసిపెట్టారు. కానీ ఇక్కడ రెండు రకాల "తెలీదు"ని కలిపేయకూడదు. "నా బ్యాగులో ఆ ప్యాకెట్ ఉందని నాకు తెలీదు" అనేది ఒకటి. వస్తువు తన దగ్గర ఉందని తెలిసి ఉంచుకున్నాడని నిరూపించే భారం ప్రభుత్వానిదే కాబట్టి ఇది నిలబడే వాదన. "ప్యాకెట్ ఉందని తెలుసు, ఇక్కడ నేరమని తెలీదు" అనేది రెండోది. ఇది నిలబడదు. పైగా అది నేరం ఒప్పుకోలు.

ఎలాగో చూడు. అమరిల్లో దాటాక స్పీడు ఎక్కువైందని పోలీసు కారు ఆపాడు. లోపలికి వంగి చూస్తే గేర్ పక్కన రంగురంగుల ప్యాకెట్. మనవాడు కంగారుపడి, మర్యాదగా, నిజాయితీగా చెప్తాడు: "సార్, ఇది డెన్వర్‌లో లీగల్‌గా కొన్నాం, బిల్లు కూడా ఉంది." ఒక్క వాక్యంలో మూడు సంగతులు తేలిపోయాయి. ప్యాకెట్ తమదే. అందులో ఏముందో తెలుసు. రాష్ట్రం దాటించారు. బిల్లు తీసి చూపిస్తే దాని మీద సరుకు పేరు, తేదీ, కొన్న షాపు, అన్నీ అచ్చులో ఉంటాయి. మనకి రక్షణ అనుకున్న కాగితం అవతలివాళ్ల చేతిలో మొదటి సాక్ష్యం. ఇంట్లో తప్పు ఒప్పుకుంటే అమ్మ క్షమిస్తుంది, ఆ అలవాటే రోడ్డు మీద పనిచేస్తుందనుకుంటాం.

కారులో నలుగురుంటే నలుగురినీ అరెస్టు చేయొచ్చు. కోర్టులో మాత్రం పక్కన కూర్చోవడం ఒక్కటే చాలదు, ఆ వస్తువుతో ఒక్కొక్కరికీ సంబంధం చూపించాలి. ఎవరి బ్యాగులో దొరికింది, ఎవరి పేరున బిల్లు ఉంది, ఎవరి ఫోన్‌లో ఫోటో ఉంది అని వెతుకుతారు. గ్రూపులో "స్టాక్ రెడీ" అని ఫోటో పెట్టే సరదా అప్పుడు పనికొస్తుంది, వాళ్లకి.

నిజం చెప్పాలంటే మొదటిసారి దొరికిన విద్యార్థిని ఇరవై ఏళ్లు లోపల వేయడం మామూలుగా జరగదు. ప్రాసిక్యూటర్లు బేరానికి వస్తారు. నేరం తగ్గించి ఒప్పుకోమంటారు, లేదా "డిఫర్డ్ అడ్జుడికేషన్" అంటారు. అంటే నేరం ఒప్పుకో, కొన్నాళ్లు పర్యవేక్షణలో బుద్ధిగా ఉండు, తర్వాత కేసు కొట్టేస్తాం అని. టెక్సస్ వాడికైతే అది మంచి బేరమే, అతని రాష్ట్ర చట్టం దృష్టిలో శిక్ష పడనట్టే. నీకు కాదు. 1996లో అమెరికా కాంగ్రెస్ అక్కడి వలస చట్టాన్ని సవరించి, నేరం ఒప్పుకుని ఏదో ఒక రకమైన శిక్షో ఆంక్షో పెట్టించుకుంటే చాలు, అది వలస చట్టానికి శిక్ష పడినట్టేనని రాసింది. ఆ తర్వాత రాష్ట్ర కోర్టు కేసు కొట్టేసినా ఆ లెక్క మారదు.

అలా లెక్కకొస్తే వలస చట్టంలో రెండు తలుపులుంటాయి. ఒకటి లోపల ఉన్నవాడిని పంపించేది. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు గంజాయితో ఒకే ఒక్కసారి దొరికినవాడికి అందులో మినహాయింపు ఉంది. రెండోది బయటి నుంచి వచ్చేవాడిని ఆపేది. అందులో ఆ మినహాయింపు లేదు. అంటే కేసు ముగిసి, నిన్నెవరూ పంపించక, చదువు నడుస్తూ ఉంటుంది. అంతా సర్దుకుందనుకుని చెల్లి పెళ్లికి హైదరాబాద్ వస్తావు. తిరిగి వెళ్లడానికి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూకి వెళ్తే అప్పుడు ఆ తలుపు మూసుకుంటుంది. విద్యార్థి వీసాకి మినహాయింపు అడగడానికి దారి లేకపోలేదు, కానీ ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. రేపు గ్రీన్‌కార్డు దాకా వెళ్తే, 30 గ్రాముల లోపు గంజాయి ఒక్కసారి తప్ప మత్తు నేరాలకు ఆ దారి కూడా ఉండదు.

శిక్ష పడకపోయినా చిక్కు రావచ్చు. వీసా ఫారం డీఎస్-160లో మత్తుపదార్థాల చట్టం ఎప్పుడైనా ఉల్లంఘించావా అని సూటిగా అడుగుతారు. కేంద్ర చట్టంలో నేరం కాబట్టి, కొలరాడోలో షాపులో కొని అక్కడే తిన్నది కూడా ఆ ప్రశ్న కిందికి వస్తుంది. అధికారి నేరం అంటే ఏమిటో వివరించి అడిగినప్పుడు నువ్వు పూర్తిగా ఒప్పుకుంటే, కోర్టు మెట్లెక్కకపోయినా అదొక్కటే ప్రవేశం ఆపడానికి సరిపోతుంది. ఈ పద్ధతి 1957 నాటి తీర్పు నుంచి నడుస్తోంది. అబద్ధం చెప్తే అది ఇంకో విడి కారణం, దానికి గడువు కూడా ఉండదు. అందుకే ఈ విషయంలో ఫారం ముందు కూర్చుని తెలివి చూపించడం కంటే ఆ ప్రశ్నకి "లేదు" అని నిజంగా రాయగలిగేలా ఉండటం తేలిక.

ఇన్ని చెప్పినా ఎవరో ఒకరి బ్యాగులో ఏదో ఒకటి ఉంటుంది, కారు ఆగుతుంది. అప్పుడేం చేయాలో కూడా చెప్తాను. డ్రైవింగ్ సీట్లో ఉంటే లైసెన్సు, బండి కాగితాలు ఇవ్వు. పేరు అడిగితే నిజం పేరు చెప్పు. కారు వెతకొచ్చా అని అడిగితే "ఐ డోంట్ కన్సెంట్" అని మెల్లగా, చేతులు కనిపించేలా పెట్టి చెప్పు. అయినా వెతికితే అడ్డుపడకు, ఆ తగువు కోర్టులో తేలుతుంది. ఇదెవరిది, ఎక్కడ కొన్నావు అంటే "ఐ వాంట్ ఎ లాయర్" అని ఆ ఒక్క మాటే. కథలు కల్పించకు, సంజాయిషీ ఇవ్వకు. స్టేషన్ నుంచి ఇంటికి ఫోన్ చేసినా కేసు వివరాలు తెలుగులో కూడా మాట్లాడకు, జైలు ఫోన్లు రికార్డవుతాయి, అనువాదకులు దొరుకుతారు.

క్రిమినల్ లాయర్ ఒక్కరే ఉంటే మొదట ఆయనకి నువ్వు పౌరుడివి కాదని చెప్పు. 2010లో అమెరికా సుప్రీంకోర్టు, నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించే ప్రమాదం ఉంటే ఆ సంగతి కక్షిదారుకి చెప్పడం లాయర్ బాధ్యత అని తేల్చింది. ఆ కేసులో ఉన్న పడిల్లా హోండురస్ మనిషి, నలభై ఏళ్లుగా అక్కడ చట్టబద్ధంగా ఉన్నవాడు, అమెరికా సైన్యంలో వియత్నాం యుద్ధంలో పనిచేసినవాడు. కెంటకీలో తన ట్రక్కులో గంజాయి దొరికింది. ఇన్నేళ్లుగా ఉన్నావు, భయం లేదని లాయర్ అంటే నమ్మి ఒప్పుకున్నాడు. తర్వాత దేశం నుంచి పంపించే ప్రక్రియ మొదలైంది. నలభై ఏళ్లు ఉన్నవాడి సంగతే అది. కాబట్టి ఇమిగ్రేషన్ లాయర్ చూడకుండా ఏ బేరానికీ సంతకం పెట్టకు. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థులను చూసే అధికారి దగ్గరికి ఆ తర్వాత వెళ్లు. ఇంటికి టికెట్ బుక్ చేయడం అన్నిటికంటే చివర.

చిన్న కేసే కదా అని తీసిపారేయకు. 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం పాత చిన్నాచితకా పోలీసు రికార్డులున్న వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను, అంటే విద్యార్థి హోదాని నమోదు చేసే ప్రభుత్వ రికార్డులను, ఒక్కసారిగా రద్దు చేసింది. చాలామంది కోర్టుకెక్కాక వాటిని తిరిగి పెట్టారు. కొట్టేసిన కేసులున్నవాళ్లూ అందులో ఉన్నారు.

ఇక బీరు. ఆశ్చర్యం ఏమిటంటే వయసు విషయంలో టెక్సస్‌కీ తెలంగాణకీ తేడా లేదు, రెండు చోట్లా 21. కాకపోతే ఇక్కడ వైన్స్ కౌంటర్లో ఆధార్ చూపించమన్నవాడిని నేను చూడలేదు. అక్కడ తల నెరిసినవాడినీ అడుగుతారు. అందుకే నీ రూమ్మేట్ నిన్ను కొనమంటున్నాడు. వాడు తాగుతూ దొరికితే టెక్సస్‌లో 500 డాలర్ల దాకా జరిమానా. కొనిచ్చిన నీకు ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా, పైగా డ్రైవింగ్ లైసెన్సు 180 రోజులు పోతుంది. తాగినవాడికంటే పోయించినవాడికే ఎక్కువ దెబ్బ. "అన్నా, ఒక్కటి పట్రా" అన్నప్పుడు ఈ లెక్క వాడికి చెప్పు, వాడికి 21 నిండేదాకా సమస్య ఉండదు.

తాగి బండి నడపడంలో ఇంకో మాయ ఉంది. మన దగ్గర నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. టెక్సస్‌లో గీత 0.08 అంటే 80. ఆ అంకె చూసి "అక్కడ ఫ్రీ" అనుకుని రెండు పెగ్గులేసి తాళాలు తీసేవాళ్లున్నారు. ఆ గీతకి లోపలున్నా, మామూలు అదుపు తప్పిందని పోలీసు చూపిస్తే కేసు నిలుస్తుంది. 21 లోపువాడికైతే గీతే లేదు, ఊపిరిలో మద్యం ఆనవాలు కనిపిస్తే చాలు. నాంపల్లిలో జరిమానా కట్టి కౌన్సెలింగ్‌లో కూర్చుని వచ్చే వ్యవహారం కాదది. 2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ, తాగి నడిపినందుకు అరెస్టయితే చాలు, కోర్టు ఏం తేల్చిందో చూడకుండానే వీసా రద్దు చేసే పద్ధతి పెట్టుకుంది. అరెస్టే కారణం. నువ్వు లోపలే ఉంటే చదువు ఆగకపోవచ్చు, కానీ బయటికొస్తే కొత్త వీసా కావాలి, మళ్లీ ఆ కాన్సులేట్ వరసలోనే నిలబడాలి.

నువ్వు అడగనిది ఒకటి చెప్తాను. ప్రయాణానికి ముందు రోజు అమ్మ సూట్‌కేసులో ఆవకాయ పక్కన మందుల డబ్బా కూడా పెడుతుంది. అందులో నాన్నగారి అల్ప్రజోలం స్ట్రిప్పో, కొడీన్ ఉన్న దగ్గు సిరప్పో ఉంటే తీసేయమను. టెక్సస్‌లో చీటీ లేకుండా అల్ప్రజోలం నీ దగ్గర ఉండటం నేరమే, శిక్ష ఏడాది దాకా ఉండొచ్చు. నీకే డాక్టర్ రాసిన మందైతే తీసుకెళ్లు, కానీ నీ పేరుతో ఇంగ్లీషులో చీటీ ఉండాలి, మాత్రలు అసలు స్ట్రిప్పులోనే ఉండాలి, విడిగా ఏ డబ్బాలోనూ పోయొద్దు.